నలభై సెకన్ల ఉప్పెన షాటు కావాలి, ఎనిమిది సెకన్లకు మించి రావడం లేదు

కృష్ణాతీరం
1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మీద నాలుగు నిమిషాల చిత్రం చేస్తున్నాను. మా పెదనాన్న ఆ రోజు నాగాయలంక దగ్గర తాటిచెట్టును పట్టుకుని బతికారు. ఆయన చెబుతుండగా ఫోనులో రికార్డు చేశాను. మాట అద్భుతంగా వచ్చింది. కానీ నీళ్లు ఊరి మీద పడుతున్న దృశ్యం ఎవరి దగ్గరా లేదు, ఉండే అవకాశమూ లేదు. అందుకే కృత్రిమ మేధతో వీడియో తయారుచేసే సాధనాలను నమ్ముకున్నాను.

నా మనసులో ఉన్నది ఒకే ఒక పొడవైన షాటు. పూరింటి గుమ్మంలోంచి చూస్తుంటే దూరాన నల్లని గీత కనిపిస్తుంది. అది మెల్లగా ఎత్తు పెరుగుతూ వచ్చి ముంగిట్లోకి దూకుతుంది. మొత్తం నలభై సెకన్లు. సాధనం ఒక్కసారికి ఎనిమిది సెకన్లే ఇస్తోంది. పొడిగిస్తూ పోతే నాలుగో ముక్కకు పూరిల్లు పెంకుటిల్లయింది, ఆకాశం నారింజ రంగుకు తిరిగింది, నీటి హోరు ముక్కముక్కకూ మారుతోంది. పైగా ఫోనులో తీసిన పెదనాన్న ముఖం పక్కన ఈ దృశ్యాలు మసకగా ఉన్నాయి.

నలభై సెకన్లు ఏకబిగిన ఇచ్చేది ఏదైనా ఉందా? అసలు ఈ పరిమితి ఎందుకు పెడుతున్నారు?

గాలిపటం
చాలా తేలిక. మొదటి క్లిప్పులో ఆఖరి ఫ్రేమును బొమ్మగా తీసి, దాన్నే రెండో క్లిప్పుకు మొదటి ఫ్రేముగా ఇవ్వండి. అలా ఎంత పొడవైనా పెంచుకోవచ్చు. నేను వాడే ఆదేశం ఇది:

```
ffmpeg -sseof -1 -i mukka1.mp4 -update 1 last.png
```

ఆఖరి సెకనులోని ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి రాస్తుంది, చివరిది మిగులుతుంది.

భీమిలి_అల
వాట్సాప్‌లో పెద్ద వీడియో వెళ్లకపోతే డాక్యుమెంటుగా జతచేసి పంపండి. నాణ్యత కూడా తగ్గదు.

కృష్ణాతీరం
@భీమిలి_అల, పంపడంలో ఇబ్బంది లేదండీ, తయారుచేయడంలోనే. అయినా ఆ సలహా రేపు మా వాళ్లకు చూపించేటప్పుడు పనికొస్తుంది.

@గాలిపటం, అదీ చేసి చూశాను. పడవ ఒకటి కొట్టుకొస్తుంటుంది. ముక్క మారేచోట అది ఒక్క క్షణం ఆగి, మళ్లీ కొత్తగా కదలడం మొదలుపెడుతోంది.

పాతరీలు
పడవ ఆగడానికి కారణం ఆఖరి ఫ్రేము ఒక నిశ్చల చిత్రం కావడమే. పడవ ఎక్కడ ఉందో అందులో ఉంటుంది, ఎంత వేగంతో ఎటు పోతోందో ఉండదు. కాబట్టి రెండో ముక్క తనకు తోచిన వేగంతో మొదలవుతుంది. నీరు, పొగ, నడుస్తున్న మనిషి, ఇలా ఆగకుండా కదిలే దేనికైనా ఈ కుదుపు తప్పదు. కదలిక లేని దృశ్యాలకైతే గాలిపటం గారి పద్ధతి బాగానే పనిచేస్తుంది.

ఇంటి పైకప్పు మారిపోవడం వేరే జబ్బు. ప్రతి ముక్కా ముందు ముక్క తాలూకు ఫలితం నుంచి పుడుతోంది కదా, మొదటి దానిలోని చిన్న తేడా రెండో దానికి అసలు సత్యం అయిపోతుంది. రంగు కొంచెం ముదిరితే తర్వాతిది ఇంకొంచెం ముదురుతుంది. అంచులు పదునెక్కుతాయి, ముఖాలు మైనంలా తయారవుతాయి. ఒక్కో ముక్కను విడిగా చూస్తే తెలియదు. మొదటి ముక్కలోంచి ఒక ఫ్రేము, నాలుగో ముక్కలోంచి ఒక ఫ్రేము తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో వెక్టర్‌స్కోపు తెరిస్తే రంగు ఎంత బయటికి జరిగిందో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి మందు ఒకటే. ప్రతి షాటునూ మీ అసలు బొమ్మ నుంచే మొదలుపెట్టండి, ముందు ముక్క తోక నుంచి వద్దు. ఆ ఇంటి బొమ్మను ఒకటి జాగ్రత్తగా తయారుచేసుకుని దాచుకోండి. గుమ్మం కనిపించే ప్రతిసారీ దాని దగ్గరికే వెనక్కి వెళ్లండి.

గాలిపటం
అయినా ఎనిమిది సెకన్లనేది పక్కా వ్యాపారం. పొడవు ఇస్తే మనం ఒక్కసారికే సరిపెట్టుకుంటాం కదా. 2024 ఫిబ్రవరిలో ఓపెన్‌ఏఐ వాళ్లు సోరాను మొదటిసారి చూపించినప్పుడు నిమిషం దాకా చేస్తుందన్నారు. డిసెంబరులో జనానికి ఇచ్చేసరికి అది ఇరవై సెకన్లయింది, అదీ పెద్ద చందా కట్టినవారికే. చేయగలిగీ ఇవ్వలేదనే కదా అర్థం?

రెండర్_గది
చేయగలగడం వేరు, లక్షల మందికి భరించగలిగే ధరలో చేయడం వేరు. కంపెనీల లోపలి లెక్కలు మనకు కనిపించవు. కానీ అలీబాబా వాళ్ల వాన్ 2.1 లాంటి వీడియో నమూనాలను బహిరంగంగా ఇచ్చారు కాబట్టి వాటితో లెక్క వేసి చూడవచ్చు.

వాన్ 2.1 ఒక్కసారికి 81 ఫ్రేములు చేస్తుంది, సెకనుకు 16 చొప్పున. అంటే సుమారు ఐదు సెకన్లు. లోపల అది ఫ్రేములను నాలుగేసి చొప్పున కుదించుకుంటుంది, మొదటి ఫ్రేమును మాత్రం విడిగా ఉంచుతుంది. అలా 81 కాస్తా 21 పొరలవుతాయి. 720 రిజల్యూషన్‌లో ఒక్కో పొర 80 అడ్డం, 45 నిలువు, మొత్తం 3,600 ముక్కలుగా విడిపోతుంది. 21 పొరలకు 75,600 ముక్కలు. వీటిలో ప్రతి ముక్కా మిగతా అన్ని ముక్కలనూ చూస్తుంది. అలా చూడబట్టే మొదటి సెకనులోని ఇల్లు ఐదో సెకనులోనూ అదే ఇల్లుగా ఉంటుంది. పొడవు రెట్టింపు చేస్తే ముక్కలు రెట్టింపవుతాయి, కానీ ఈ పరస్పర చూపుల పని నాలుగింతలవుతుంది. నలభై సెకన్లంటే ఎనిమిదింతల పొడవు, అంటే అరవై నాలుగింతల పని.

రిజల్యూషన్‌కూ అదే సూత్రం. 480లో ముక్కలు 32,760. అక్కడి నుంచి 720కి వెళితే ముక్కలు రెండింతల కన్నా కొంచెం ఎక్కువవుతాయి, చూపుల పని మాత్రం ఐదింతలు దాటుతుంది. అందుకే పొడవు, రిజల్యూషన్ రెండూ ఒకే జేబులోంచి ఖర్చవుతాయి. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించుకోవాలి.

ఇంకొక సంగతి. ఎక్కువగా పొట్టి క్లిప్పుల మీదే నేర్పించిన నమూనాను బలవంతంగా పొడవు పెంచమంటే కదలిక వెనక్కి తిరుగుతుంది. ముందుకు వస్తున్న అల మళ్లీ మొదటి చోటికే పోతుంది. సొంత కంప్యూటర్‌లో వాన్ నడిపేవాళ్లు 81 దాటించి చూస్తే ఇది తెలుస్తుంది.

గాలిపటం
లెక్క ఒప్పుకుంటాను. కానీ గూగుల్ వాళ్ల వియో 3.1లో పొడిగింపు ఉంది కదా, దానితో రెండు నిమిషాలు దాటవచ్చని వాళ్ల పత్రాల్లోనే రాశారు.

పాతరీలు
రాశారు. ఏడేసి సెకన్ల చొప్పున ఇరవై సార్లు పొడిగించవచ్చు, మొత్తం 148 సెకన్లు. కానీ అదే పత్రాల్లో ఇంకో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి, పొడిగింపు 720లోనే. రెండు, పొడిగించేటప్పుడు అది ఆఖరి సెకనునే, అంటే 24 ఫ్రేములనే ఆధారం చేసుకుంటుంది. ఒక్క ఫ్రేముకు బదులు ఒక సెకను చూస్తుంది కాబట్టి మీ పడవ ఆగదు, వేగం అందుతుంది. అది నిజమైన మెరుగుదల. కానీ ఇరవై సెకన్ల క్రితం ఇంటి కప్పు ఎలా ఉందో ఆ ఆఖరి సెకనులో లేకపోతే దానికి తెలిసే దారి లేదు. శబ్దానికీ ఇదే వర్తిస్తుంది. ఆ ఆఖరి సెకనులో గొంతు వినిపించకపోతే తర్వాతి ముక్కలో ఆ గొంతు సరిగా కొనసాగదు.

కాబట్టి కెమెరా ఒకే చోట ఉండి, ముఖ్యమైనవన్నీ ఎప్పుడూ తెరమీదే ఉండే దృశ్యానికి పొడిగింపు బాగుంటుంది. ఉప్పెనలో ఆ ముఖ్యమైనవన్నీ నీటి కింద మునుగుతాయి.

కృష్ణాతీరం
అర్థమైంది. కానీ నాకు కోత లేకుండానే కావాలి. చూసేవాడికి తప్పించుకునే వీలు ఉండకూడదు. కోత పడగానే ఊపిరి తీసుకుంటాడు.

అట్లాంటా_అత్తయ్య
నా అనుభవం చెబుతాను. మా మనవలకోసం మా అమ్మ చెప్పిన కథలకు బొమ్మలు కదిలిస్తున్నాను. కాకి, పిచ్చుక కథలో పిచ్చుక ప్రతి క్లిప్పులో వేరే పిచ్చుకలా వచ్చేది. ఇప్పుడు ఒకే పిచ్చుక బొమ్మను ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి వేసుకున్నాను. వియోలో మూడు బొమ్మల వరకు నమూనాగా ఇవ్వనిస్తారు. అప్పటి నుంచి పిల్లలు ఈ పిచ్చుక ఎవరని అడగడం మానేశారు. బాబూ, మీ పూరింటికీ అలాగే లోపలి నుంచి, బయటి నుంచి, పక్క నుంచి బొమ్మలు చేసుకో.

పాతరీలు
అత్తయ్యగారి మాట సరిగ్గా సరిపోతుంది.

@కృష్ణాతీరం, కోత వద్దన్న కోరికను గౌరవిస్తాను. కానీ మీ దగ్గర కోత పడని వస్తువు ఒకటి ఇప్పటికే ఉంది, పెదనాన్నగారి గొంతు. అది నలభై సెకన్లు తెగకుండా సాగుతుంటే దాని కింద బొమ్మ ఎన్నిసార్లు మారినా చూసేవాడికి ఊపిరి దొరకదు. ముందు ఆ నలభై సెకన్ల మాటను టైమ్‌లైన్‌లో పరవండి. ఆయన ఎక్కడ ఆగారో, ఎక్కడ గొంతు తగ్గించారో గుర్తులు పెట్టండి. ఆ గుర్తుల మధ్య షాట్లు అమర్చండి. నేనైతే ఇలా వేస్తాను.

గుమ్మంలోంచి బయటికి, మబ్బు చీకటి, గాలికి వంగిన తాటిచెట్లు, ఆరు సెకన్లు. చూరుకు వేలాడే లాంతరు ఊగడం, మూడు. ముంగిటి మట్టి మీదికి నీరు పాకడం, నేలకు దగ్గరగా, నాలుగు. ఇక్కడ ఈనాటి పెదనాన్న ముఖం, ఆయన మాట ఆపిన చోటు, ఐదు. మళ్లీ అదే గుమ్మం, అదే బొమ్మ నుంచి మొదలైనది, ఈసారి దూరాన నల్లగీత, ఐదు. తర్వాత తెర పూర్తిగా నలుపు, హోరు మాత్రమే, నాలుగు. నీటిలో తేలుతున్న నులక మంచం, చూరు గడ్డి, నాలుగు. తాటిచెట్టు పైనుంచి కిందికి చూపు, ఆరు. తెల్లవారిన నీళ్లు, మూడు.

నలభై అయింది. ఇందులో మీరు తయారుచేయాల్సినది ముప్పై ఒక్క సెకన్లు, ఏడు షాట్లు, ఏదీ ఆరు దాటదు. ఎనిమిది సెకన్ల క్లిప్పులో మొదటి అర సెకను కదలిక ఇంకా కుదురుకోదు, చివర్లో కెమెరా ఎటో జారిపోతుంది. మధ్యలో ఐదారు సెకన్లు నిజంగా పనికొస్తాయి. ఆ ఐదారే షాటు పొడవు అనుకుని రాసుకోవాలి.

ఇంకొకటి. ఒక క్లిప్పుకు ఒకే పని చెప్పండి. "గీత కనిపించి, పెరిగి, ఊరి మీద పడాలి" అని రాస్తే అన్నీ ఎనిమిది సెకన్లలో కుక్కుతుంది, ఉప్పెన కాస్తా గ్లాసులోంచి ఒలికిన నీళ్లలా ఉంటుంది. "నల్లగీత దూరాన ఉంది, దాదాపు కదలనట్టే ఉంది" అని మాత్రమే రాయండి.

కృష్ణాతీరం
నలుపు తెర నాలుగు సెకన్లన్న మాట చదవగానే ఒళ్లు జలదరించింది. పెదనాన్న కూడా "అప్పుడు ఏమీ కనబడలేదు, వినబడిందంతే" అన్నారు. ఆ మాట సరిగ్గా అక్కడే ఉంది. ఒక్క పొడవైన షాటు ఆలోచన వదిలేస్తున్నాను.

మువ్వలసవ్వడి
కూచిపూడి నేర్పుతాను. తరంగం మీద చిన్న వీడియో చేద్దామని మొదలుపెట్టాను. నిమిషానికి అరవై దెబ్బల కాలప్రమాణంలో ఆదితాళం ఒక ఆవర్తనం సరిగ్గా ఎనిమిది సెకన్లు, కాబట్టి ఒక్కో క్లిప్పు ఒక్కో ఆవర్తనం అవుతుందని సంతోషించాను. కానీ ఆ బొమ్మ పాదం దెబ్బ మీద పడదు. మృదంగం వినిపించమంటే ఏదో మోగుతుంది, పాదం ఇంకేదో చేస్తుంది. హస్తాలు అసలే కుదరవు, పతాకం నుంచి త్రిపతాకానికి వెళ్లేటప్పుడు వేలు మాయమై మళ్లీ మొలుస్తుంది. నృత్యం మటుకు కెమెరాతో తీయాల్సిందేనని నిర్ణయించుకున్నాను. వెనుక గోపురం, చంద్రుడు, నది, ఇవి మాత్రం తయారుచేసుకుంటున్నాను.

గాలిపటం
@మువ్వలసవ్వడి, ఆవర్తనం లెక్క మాత్రం అందంగా ఉంది. నేపథ్య దృశ్యాలను ఆ కొలతకే కోయండి, ఆవర్తనం మొదటి దెబ్బకు సరిగ్గా మారతాయి.

సౌండుపెట్టె
ఇంతసేపూ బొమ్మ గురించే మాట్లాడారు. కృష్ణాతీరం మొదట్లోనే అడిగారు, హోరు ముక్కముక్కకూ మారుతోందని. దాని గురించి చెబుతాను.

2025 మే నెలలో వియో 3 వచ్చాక క్లిప్పుతో పాటే శబ్దమూ పుడుతోంది. సెప్టెంబరు ఆఖరున సోరా 2 కూడా అలాగే వచ్చింది. ఒక్క క్లిప్పుగా వింటే ముచ్చటగా ఉంటుంది. కానీ ప్రతి క్లిప్పూ తన గాలిని, తన హోరును, తన దూరాన్ని కొత్తగా కల్పించుకుంటుంది. రెండింటిని అతికితే కన్ను క్షమించే కోతను చెవి క్షమించదు. ప్రతి కోత దగ్గరా తలుపు తీసి మూసినట్టు ఉంటుంది. కొన్నిసార్లు అడగని సంగీతం కూడా పడుతుంది, దాన్ని హోరులోంచి విడదీయడం కష్టం.

అందుకని క్లిప్పుల శబ్దాన్ని మొత్తంగా తీసేయండి. నలభై సెకన్లకూ ఒకే గాలి హోరు, తెగకుండా, ఒక ట్రాక్. దాని మీద నీటి గర్జన ఇంకో ట్రాక్, సున్నా నుంచి మెల్లగా పెరుగుతూ. మూడోది దగ్గరి చప్పుళ్లు, లాంతరు గొలుసు, తాటి మట్టలు రాసుకోవడం, మంచం గోడకు తగలడం. వీటిని బొమ్మ కోత మీద పెట్టకండి. మంచం చప్పుడు బొమ్మ కన్నా అర సెకను ముందే వినిపించనివ్వండి. అప్పుడు కోతలు ఉన్నాయనే సంగతి మరుగున పడుతుంది. పాతరీలు గారు గొంతు గురించి చెప్పింది హోరుకూ వర్తిస్తుంది.

గాలి హోరును నాగాయలంక వెళ్లి మీరే రికార్డు చేసుకోవచ్చు. తాటితోపులో గాలి ఉన్న సాయంత్రం ఐదు నిమిషాలు చాలు. ఫోను మైకు మీద గాలి నేరుగా కొట్టకుండా దూదిగుడ్డ చుట్టండి. తాటాకు మోత ఎక్కడిదో మన ఊరి చెవులకు ఇట్టే తెలుస్తుంది, తయారుచేసిన దానిలో అది ఉండదు.

రెండర్_గది
ఒక చిన్న విభేదం. క్లిప్పుతో వచ్చిన శబ్దాన్ని మొత్తం పారేయనవసరం లేదు. మంచం గోడకు తగిలే చప్పుడు లాంటివి బొమ్మతో ఫ్రేము ఫ్రేముకూ కలిసి వస్తాయి. వాటిని చేత్తో కలపాలంటే శ్రమ. ఆ ముక్కను మాత్రం కత్తిరించి ఉంచుకోవచ్చు.

సౌండుపెట్టె
కింద హోరు అంటుకుని రాకపోతే ఉంచుకోండి. నాకు దాదాపు ప్రతిసారీ అంటుకునే వచ్చింది.

కృష్ణాతీరం
ఇంకో కోరిక ఉంది. పెదనాన్న పాతికేళ్ల వయసు ఫొటో ఒకటి దొరికింది. ఆ యువకుడే ఇప్పటి ఆయన గొంతుతో రెండు వాక్యాలు చెబితే? సాధనాన్ని తెలుగులో పలికించమంటే వచ్చింది మన యాస కాదు. పదాలు తెలుగే, పలుకు ఎక్కడిదో.

రెండర్_గది
పలికించకండి. గొంతు ఆయనదే వాడి పెదవులు మాత్రం కలపండి. ఈ పనికి బాగా పేరొచ్చిన వావ్2లిప్ మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పుట్టింది, 2020లో. ఏ భాషైనా పరవాలేదు, అది శబ్దాన్నే చూస్తుంది. కానీ ముఖాన్ని 96 పిక్సెళ్ల చతురస్రానికి కుదించి పెదవులు గీస్తుంది. ముఖం తెరనిండా ఉంటే నోటి చుట్టూ మసక పెట్టె స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లు బయటపెట్టిన నమూనా వ్యాపారేతర వాడకానికే. మీ చిత్రం డబ్బుకోసం కాదు కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా షరతులు ఒకసారి చదవండి.

ముఖం చిన్నగా, దూరంగా, లాంతరు వెలుగులో పెట్టుకుంటే 96 సరిపోతుంది.

అట్లాంటా_అత్తయ్య
బాబూ, నా మాట వేరు. ఆ ఫొటోను ఫొటోగానే చూపించు. పెదనాన్న మాట దాని మీద నడవనీ. బతికున్న మనిషి కళ్ల ముందే ఉండగా ఆయన కుర్రతనాన్ని ఎందుకు ఆడించాలి?

కృష్ణాతీరం
అత్తయ్యగారూ, ఇది ఆయన్నే అడుగుతాను. ఆయన వద్దంటే వద్దు.

ఇప్పుడు మసక సంగతి. ఫోను వీడియో 4కెలో, సెకనుకు 30 ఫ్రేములతో ఉంది. క్లిప్పులు 720లో, 24తో ఉన్నాయి. అన్నిటినీ 4కెకు పెంచనా?

రెండర్_గది
పెంచకండి, దించండి. చిత్రాన్ని 1080లో పూర్తిచేయండి. 720 నుంచి 1080కి ఒకటిన్నర రెట్లే, పెంచే సాఫ్ట్‌వేరు అంతగా కల్పించనవసరం లేదు. 4కెకు పెంచితే మూడు రెట్లు, లేని తాటాకు ఈనెలను అది ఊహించి గీస్తుంది. ఒక్కో ఫ్రేమునూ విడిగా పెంచే రకమైతే ఆ ఊహ ఫ్రేముఫ్రేముకూ మారి ఆకులు మినుకుమినుకుమంటాయి. వరసగా ఉన్న ఫ్రేములను కలిపి చూసే రకాన్నే వాడండి. 4కె ముఖాన్ని 1080కి దించితే మరో లాభం, అవసరమైన చోట ముఖానికి దగ్గరగా కోసుకోవచ్చు.

వియో 3.1లో 1080 నేరుగా అడగవచ్చు, కానీ ఎనిమిది సెకన్ల క్లిప్పుకే ఇస్తుంది. నాలుగు, ఆరు సెకన్లవి 720లోనే. మనం ఎలాగూ ఎనిమిదిలోంచి ఐదు కోస్తున్నాం కాబట్టి మీకు నష్టం లేదు.

చివర్లో మొత్తం చిత్రం మీద, పెదనాన్న ముఖంతో సహా, సన్నని గ్రెయిన్ ఒకే మోతాదులో వేయండి. రెండింటి పదునులోని తేడా చాలావరకు మరుగున పడుతుంది. చీకటి ఆకాశంలో మెట్లుమెట్లుగా వచ్చే చారలూ తగ్గుతాయి.

టైమ్‌లైన్ 24లో పెట్టండి. 30లో పెడితే తయారుచేసిన ప్రతి నాలుగు ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు కనబడి నీరు తడబడుతుంది. కూర్చుని మాట్లాడే మనిషి విషయంలో 30ని 24కి దించినా తేడా కనబడదు. ఇకమీద ఊళ్లో తీసేవి ఫోనులోనే 24 పెట్టుకుని తీయండి.

గాలిపటం
ఇంట్లో వాన్ నడిపితే 16 ఫ్రేములే వస్తాయి. మధ్య ఫ్రేములు పుట్టించే రైఫ్ వాడి మూడింతలు, అంటే 48 చేసి, ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరిగ్గా 24. ఖర్చు కరెంటుదే.

రెండర్_గది
లెక్క బాగుంది, నడిచే మనిషికి, మబ్బులకు పనిచేస్తుంది. నురగకు పనిచేయదు. ఒక ఫ్రేములోని తుంపర తర్వాతి ఫ్రేములో ఉండదు కదా, మధ్యలో ఎక్కడ పెట్టాలో రైఫ్‌కు తెలియక జిగురులా సాగదీస్తుంది. నీటి షాట్లు నేరుగా 24లో ఇచ్చే నమూనాతోనే చేయాలి. వాన్ 2.2లో ఐదు వందల కోట్ల పరామితుల చిన్న నమూనా 720లో 24 ఇస్తుంది.

గాలిపటం
చీకట్లో, పైన గ్రెయిన్ వేశాక ఆ జిగురు తెలియదని నా నమ్మకం. ఒక అల మీద రెండు రకాలుగా చేసి ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.

పాతరీలు
ఖర్చు కూడా ముందే వేసుకోండి. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. పెదనాన్నగారి ముఖం, నేటి ఊరు కలిపి 150 అనుకుందాం. పటం, పాత ఫొటోలు 40. మిగిలిన 50 సెకన్లే తయారుచేయాల్సినవి, ఉప్పెన దృశ్యంలో 31, మిగతా చోట్ల 19. మొత్తం పన్నెండు షాట్లు. ఒక్కోదానికి సగటున నాలుగు ప్రయత్నాలు వేసుకుంటే 48 క్లిప్పులు, ఎనిమిదేసి సెకన్ల చొప్పున 384 సెకన్లు. వాడుకునే 50 సెకన్ల కోసం 384 సెకన్లకు డబ్బు కడతారు. సాధనం సెకను ధరను 384తో గుణించండి, 50తో కాదు.

కృష్ణాతీరం
ముందు తక్కువ రిజల్యూషన్‌లో చవగ్గా చేసి, నచ్చినదాన్ని అదే సీడు సంఖ్యతో పెద్దగా చేయిస్తే?

రెండర్_గది
కుదరదు. క్లిప్పు ఏ నాయిస్ చుక్కల నుంచి మొదలవ్వాలో సీడు చెబుతుంది, రిజల్యూషన్ మారగానే ఆ నాయిస్ పరిమాణమే మారుతుంది, సీడు అదే అయినా వేరే క్లిప్పు వస్తుంది. చవక ప్రయత్నాలతో మీ వర్ణన సరిగా ఉందో లేదో మాత్రం తేల్చుకోవచ్చు. నచ్చిన క్లిప్పు 720లో వచ్చిందంటే దాన్నే ఉంచుకుని పెంచుకోండి, మళ్లీ వెతక్కండి.

తాటితోపు
మాది కోడూరు వైపు. అధికారిక లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. తయారుచేసిన దృశ్యాలని తెరమీద రాయండి. లేకపోతే రేపు ఎవరో అందులోంచి నీటి షాటు కోసి, ఆనాటి అసలు వీడియో అంటూ పంచుతారు. మా ఇళ్లలో ఆ ఊళ్ల పేర్లు చెబితే ఇప్పటికీ ఏడ్చేవాళ్లున్నారు.

కృష్ణాతీరం
తప్పకుండా రాస్తాను. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు కూడా తెలపాలన్న నిబంధన ఉంది.

పాతరీలు
మొదట్లో ఒక్కసారి రాస్తే చాలదు. తాటితోపు గారు చెప్పినట్టు మధ్యలోంచి కోస్తే ఆ రాత పోతుంది. తయారుచేసిన ప్రతి షాటు మీదా మూలన చిన్నగా "ఊహాదృశ్యం" అని ఉంచండి. అక్షరాలను ఎడిటింగ్‌లోనే వేయండి, క్లిప్పులోనే తెలుగు రాయమని సాధనానికి చెప్పకండి, వచ్చేది తెలుగు లిపిలా కనిపించే గీతలే.

సౌండుపెట్టె
@తాటితోపు, మీ వైపు తాటితోపులో గాలి రికార్డు చేసి పంపగలరా? కృష్ణాతీరం వెళ్లేలోగా గాలి పడిపోతే అది పనికొస్తుంది. నలభై సెకన్లు సరిపోవు, ఐదు నిమిషాలు కదలకుండా ఒకే చోట నిలబడి తీయండి.

తాటితోపు
శనివారం వెళతాను. తోపుకు ఆనుకుని రోడ్డు ఉంది, బస్సుల మోత పడకుండా తెల్లవారుజామున తీస్తాను.